పాలు తెల్లబడ్డాయని మందు ఆపితే...

ప్రశ్న: మా పాల కేంద్రం దగ్గర వచ్చే ఆదివారం పాడి రైతుల మీటింగ్ ఉంది. యాంటిబయాటిక్ మందులు మధ్యలో ఎందుకు ఆపకూడదో నన్ను చెప్పమన్నారు. నా ఆవుకే పొదుగువాపు వస్తే 5 రోజుల మందు రెండు రోజులకే ఆపాను. మూడు వారాలకు మళ్లీ వచ్చింది. ఏం చెప్పాలి, దీనికి ఏం చేయాలి?
– ఒక పాడి రైతు, జమ్మలమడుగు, కడప జిల్లా

జవాబు: మీ ఆవు సంగతితోనే మొదలుపెట్టండి. మేము వచ్చి చెప్పేదానికన్నా అది ఎక్కువ నమ్ముతారు. కింద రాసినదాన్ని మీ మాటల్లోకి మార్చుకోండి.

"అన్నా, అక్కా, రెండో రోజు సాయంత్రానికే మా ఆవు పొదుగు మెత్తబడింది. పాలు తెల్లగా వచ్చాయి. ఇంకెందుకులే అని ఆపేశాను. మందు వేసినన్నాళ్లూ పాలు పోయడం మానేస్తే డబ్బులు రావు కదా, అసలు కారణం అది. కానీ పాలు తెల్లబడ్డాయంటే క్రిములు తగ్గాయని అర్థం, చచ్చిపోయాయని కాదు. పొదుగువాపు తెచ్చేవాటిలో స్టెఫైలోకాకస్ ఆరియస్ అనేది మొండి రకం. పొదుగులో చిన్న చిన్న చీము గడ్డలు కట్టించి వాటిలో దాక్కుంటుంది. పొదుగు కణాల లోపలికి కూడా దూరుతుంది. మందు అక్కడికి చేరి పని చేయాలంటే రోజులు పడుతుంది. ముందు చచ్చేవి పాలలో తేలే క్రిములు. వేరుశనగ చేనులో గరికను పైపైన కోసి వేరు వదిలినట్టు, నేను మధ్యలో ఆపి దాక్కున్నవాటిని వదిలేశాను."

ఇక్కడ ఎవరో ఒకరు లేచి "ఆవు మందుకు అలవాటు పడిందిలే" అంటారు. మా దగ్గరికి వచ్చే రైతులలో చాలామంది మాట అదే. అలవాటు పడేది ఆవు కాదు, క్రిమి. కొన్ని స్టెఫైలోకాకస్ క్రిములు పెన్సిలిన్‌ను ముక్కలు చేసే ఎంజైమును తయారుచేసుకుంటాయి. మందు తగిలినప్పుడల్లా బలహీనమైనవి చస్తాయి, అలాంటివి మిగిలి పెరుగుతాయి. జబ్బు తిరగబెడితే మళ్లీ మందు, ఇంకో రకం మందు వాడాల్సి వస్తుంది. వాడిన ప్రతిసారీ ఈ ఏరివేత జరుగుతూనే ఉంటుంది. కోర్సు మధ్యలో ఆపడం వల్ల ఉన్న పెద్ద నష్టం ఇదే. ఒక ట్యూబును నాలుగు చన్నులకు పంచడం కూడా ఇలాంటిదే: ఏ చన్నుకూ చాలినంత మందు అందదు.

"అయితే 5 రోజులకు బదులు 10 రోజులు వేస్తే ఇంకా మంచిదా?" అని అడుగుతారు, సిద్ధంగా ఉండండి. కాదని చెప్పండి. ఎన్ని రోజులో జబ్బును చూసి డాక్టరు నిర్ణయిస్తారు. కొన్ని తేలికపాటి కేసులకు అసలు యాంటిబయాటిక్ అవసరమే ఉండదు. తగ్గించడమైనా పెంచడమైనా డాక్టరును అడిగాకే.

పాల డబ్బుల విషయం దాటేయకండి. చివరి మోతాదు తర్వాత ఎన్ని రోజులు పాలు పోయకూడదో మందు లేబుల్ మీద ఉంటుంది. లేకపోతే మన దేశ నిబంధనల ప్రకారం పాలకు కనీసం 7 రోజులు. మందు వేసింది ఒక్క చన్నుకే అయినా నాలుగు చన్నుల పాలూ ఆపాలి, ఎందుకంటే మందు రక్తం ద్వారా మిగతావాటిలోకీ చేరుతుంది. కాచినా చాలా యాంటిబయాటిక్‌లు పోవు. అలాంటి పాలకు తోడు వేస్తే పెరుగు సరిగా తోడుకోకపోవచ్చు, తోడులోని మంచి క్రిములను కూడా మందు ఆపుతుంది కాబట్టి. ఇళ్లలో ఆడవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఆ పాలు దూడకు తాపవద్దు: దాని పేగుల్లోని క్రిములకూ మందు తగులుతుంది.

ఇక మీ ఆవు. ఇంట్లో మిగిలిన ట్యూబు ఎక్కించవద్దు. మందు వేయకముందే పాల శాంపిల్ తీయించండి. చన్ను కడిగి ఆరాక మొనను స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి రెండు మూడు ధారలు వదిలేసి, తర్వాతి పాలు డాక్టరు ఇచ్చిన శుభ్రమైన సీసాలో పట్టండి. సీసా మూతి చన్నుకు గానీ చేతికి గానీ తగలకూడదు. ఐసులో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చాలి. ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకు పంపే వీలుందేమో మీ పశువుల డాక్టరును అడగండి. క్రిమి పెరగడానికి ఒక రోజు, ఏ మందుకు లొంగుతుందో చూడటానికి ఇంకో రోజు పడుతుంది. కానీ ఆవుకు జ్వరం వచ్చినా, మేత మానేసినా, పాలు నీళ్లలా పడినా ఫలితం కోసం ఆగవద్దు. శాంపిల్ తీసిన వెంటనే డాక్టరు చెప్పిన మందు మొదలుపెట్టి, ఫలితం చూశాక అవసరమైతే ఆయనే మారుస్తారు. పొదుగులో గట్టి గడ్డలు తగిలితే ముందే చెప్పండి, అలాంటి ఆవుల్లో పూర్తి కోర్సు వాడినా నయం కాకపోవచ్చు.

ల్యాబులో క్రిమిని ఒక ప్లేటులో పెంచి, దాని మీద మందు బిళ్లలు పెట్టి చూస్తారు. ఆ ప్లేటు ఫోటో ఒకటి అడిగి తీసుకోండి. పనిచేసే మందు బిళ్లల చుట్టూ క్రిమి పెరగని ఖాళీ గుండ్రాలు కనిపిస్తాయి. మందు పనిచేయని బిళ్ల అంచుదాకా క్రిమి పెరిగి ఉంటుంది. ఆదివారం మీటింగులో ఆ ఫోటో చేతికిచ్చి, ఏ బిళ్ల చుట్టూ ఖాళీ లేదో వాళ్లనే వేలు పెట్టి చూపించమనండి.