ఎగ్జిమా: మాయిశ్చరైజర్ ముందా, స్టెరాయిడ్ ముందా? తడిగుడ్డ ఎట్లా చుట్టాలి?

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా. డాక్టరు మాయిశ్చరైజరూ స్టెరాయిడ్ క్రీమూ రాసిచ్చి, బాగా ఎక్కువైతే తడిగుడ్డ చుట్టమన్నారు. రెండింట్లో ఏది ముందు పూయాలి? తడిగుడ్డ చుడితే జలుబు చేయదా? మాది కర్నూలు.

జవాబు:

అన్నా, మాది అనంతపురం. మా పాపకు ఇప్పుడు ఆరేళ్లు. మీ బాబు వయసులో ఉన్నప్పుడు తనకూ సరిగ్గా అవే చోట్ల ఉండేది.

మామూలు రోజుల్లో మేం మాయిశ్చరైజర్ ముందు పూసి, అరగంట ఆగి స్టెరాయిడ్ పూస్తాం. కొందరు డాక్టర్లు తిప్పి చెప్తారు. మీ డాక్టరు ఒక వరస చెప్పి ఉంటే అదే పట్టుకోండి. ఏది ముందైనా మధ్యలో ఆగడమే అసలు సంగతి. నేను తప్పింది అక్కడే. స్నానం కాగానే పాప పారిపోతుందని రెండూ ఒకదాని మీద ఒకటి గబగబా పూసేసేదాన్ని. కింద జిడ్డు ఇంకా ఆరకపోవడంతో స్టెరాయిడ్ దాంట్లో కలిసి పల్చనయ్యేది, జారి పక్కనున్న మంచి చర్మానికీ అంటేది. వారం పూసినా మోకాలి వెనక గరుకు అట్లే ఉంది. మందు పనిచేయడం లేదనుకుని ఇంకా గట్టి ట్యూబు రాయమని అడగడానికి పోయాను. డాక్టరు ఎట్లా పూస్తున్నావో చేసి చూపించమన్నారు. చూపించాక కొత్త మందేం రాయలేదు.

గడియారం చూడక్కర్లేకుండా నాకు తెలిసిన గుర్తు ఒకటి చెప్తాను. పూసిన చోట వేలు పెట్టి లాగండి. సర్రున జారితే ఇంకా ఆగాలి. కాస్త బంకగా పట్టుకుంటే చాలు. పెట్రోలియం జెల్లీ దట్టంగా పూస్తే అరగంటైనా జారుతూనే ఉంటుంది. అందుకే స్టెరాయిడ్ పూసే పూట మేం క్రీమ్ రకం మాయిశ్చరైజరే వాడతాం. దాన్నీ రుద్దకుండా, వెంట్రుకలు పడుకున్న వైపుకి, పైనుంచి కిందికి పూయండి. ఎదురు రుద్దితే మన ఎండలకు వెంట్రుకల మొదళ్లలో సెగ్గడ్డల్లాంటివి లేస్తాయి. డబ్బాలో వేళ్లు ముంచకుండా శుభ్రమైన చెంచాతో తీసుకోండి.

స్టెరాయిడ్ కొలతకు పెద్దవాళ్ల చూపుడు వేలే లెక్క. వేలి కొన నుంచి మొదటి గీత దాకా ట్యూబు పిండితే సుమారు అర గ్రాము వస్తుంది. అది వేళ్లతో సహా పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. మా పాపకు రెండు మోకాళ్ల వెనకకీ రెండు మోచేతి మడతలకీ కలిపి అంతే పట్టేది. భయపడి ఆవగింజంత పూస్తే నెల పూసినా తగ్గదు. మాయిశ్చరైజర్ మాత్రం దానికి ఎన్నో రెట్లు కావాలి. పిల్లలకు వారానికి పావుకిలో దాకా చెప్తారు. చిన్న ట్యూబులు కొంటే జేబు ఖాళీ, పెద్ద డబ్బా తెచ్చుకోండి.

ఇక తడిగుడ్డ. అది రోజూ చేసేది కాదు. రాత్రంతా గోకి దుప్పటి మీద రక్తం చుక్కలు కనిపించిన రోజుల్లో, డాక్టరు చెప్పిన మేరకే మేం చేశాం. మాకు ఐదు రాత్రులు చెప్పారు. ఆ రాత్రుల్లో వరస కూడా తిప్పించారు. గోరువెచ్చని నీళ్లతో ఐదు పది నిమిషాల స్నానం, మెత్తని తువ్వాలుతో అద్ది, గరుకుగా ఉన్న చోట్ల మాత్రమే ముందు స్టెరాయిడ్, ఆ తర్వాత ఒళ్లంతా మాయిశ్చరైజర్ దండిగా. పైన గుడ్డ పడుతుంది కాబట్టి మందు ముందుగా చర్మానికి తగలాలని వాళ్ల లెక్క.

గుడ్డకు ప్రత్యేకంగా ఏం కొనలేదు. మా నాన్న పాత నూలు పంచె చించి నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలు చేశాను. గోరువెచ్చని నీళ్లలో ముంచి, చుక్క కారకుండా పిండి, కాళ్లకూ చేతులకూ బిగించకుండా చుట్టాను. దాని మీద పొడి నూలు పైజామా, పొడవు చేతుల బనియను. వేళ్ల కొనలు చల్లబడినా, రంగు మారినా బిగువు ఎక్కువైందని అర్థం, వెంటనే వదులు చేయాలి. చుట్టడం కుదరకపోతే ఒళ్లు పట్టే నూలు పైజామానే తడిపి పిండి తొడిగి, పైన ఇంకొకటి పొడిది వేయొచ్చు.

జలుబు సంగతి అడిగారు. తడిగుడ్డ వల్ల జలుబు రాదు గానీ చలి మాత్రం వేస్తుంది. చన్నీళ్లు వాడొద్దు, ఫ్యాను నేరుగా తగలనీయొద్దు, జ్వరం ఉన్న రోజు చుట్టొద్దు. మన వైపు అసలు తంటా ఇంకొకటి. మొదటిసారి మేం చేసింది మే నెలలో. రాత్రి తొమ్మిదికి చుడితే పదకొండుకల్లా గుడ్డ ఎండి అట్టకట్టింది. ఆరిన గుడ్డ చర్మానికి అంటుకుని దురద ముందుకంటే ఎక్కువైంది, పాప ఏడుపు. లాగి పీకబోతే పొర లేచొచ్చింది. అప్పటి నుంచి రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని లేచి, పైజామా పైకి లాగి, స్ప్రే సీసాతో గోరువెచ్చని నీళ్లు చల్లేదాన్ని. అంటుకున్న చోట తడిపి నానాకే తీయాలి. లేవలేని రోజు రెండు గంటలు ఉంచి తీసేసి, మళ్లీ మాయిశ్చరైజర్ పూసి పడుకోబెట్టాను. అది కూడా పనిచేసింది.

మూడో రాత్రికి పాప మధ్యలో లేవకుండా పడుకుంది. ఐదో రాత్రి తర్వాత గుడ్డ ఆపేశాం. బాగుంది కదా అని సాగదీయకూడదు, ఎందుకంటే తడిగుడ్డ కింద స్టెరాయిడ్ మామూలుకంటే ఎక్కువగా ఒంట్లోకి ఇంకుతుంది. ఏ ట్యూబైతే అది పూసి చుట్టేయడం అందుకే కుదరదు, గుడ్డ కింద ఏది పూయాలో డాక్టరే చెప్పాలి. మన దగ్గర చర్మం మీద ఏమొచ్చినా తామర అనేస్తాం. మందుల షాపులో తామర క్రీమ్ అని అడిగితే మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబు చేతిలో పెడతారు, అందులో చాలా గట్టి స్టెరాయిడ్ ఉండొచ్చు. దాని మీద తడిగుడ్డ ఊహించుకోండి.

ఇంకో తప్పు కూడా చెప్పేస్తాను. మరో ఏడాది మోచేతి మడతలో కొద్దిగా రసి కారుతుంటే మామూలు జిగురే అనుకుని చుట్టాను. తెల్లారేసరికి తేనె రంగు పక్కు కట్టి, చుట్టూ వేడిగా, ముట్టుకుంటే నొప్పి. చీము పట్టింది. ఆంటిబయాటిక్ వాడి తగ్గేదాకా గుడ్డ మాటెత్తలేదు. పసుపు పక్కు, చీము, జ్వరం ఉంటే చుట్టకుండా డాక్టరు దగ్గరికి పోండి. నీటి బుడగలు గుంపుగా లేచి, పగిలి గుండ్రటి గుంటల్లా కనిపిస్తే హెర్పిస్ కావొచ్చు, అప్పుడు ఆ రోజే పోవాలి.

స్టెరాయిడ్ ఎప్పుడు ఆపాలో రంగు చూసి తేల్చుకోకండి. మన చామనఛాయ ఒంటి మీద ఎగ్జిమా ఎర్రగా కాక ముదురుగా, బూడిద రంగుగా ఉంటుంది. తగ్గాక కూడా తెల్లటి మచ్చో నల్లటి మచ్చో నెలల తరబడి మిగులుతుంది. ఆ మచ్చ పోవాలని నేను అనవసరంగా పది రోజులు ఎక్కువ పూశాను. ఇప్పుడు కళ్లు మూసుకుని వేలితో తడుముతాను. పక్క చర్మంలాగే నున్నగా తగిలితే, డాక్టరు చెప్పిన గడువులోపే అయినా, ఫోన్ చేసి అడిగి ఆపేస్తాను. మాయిశ్చరైజర్ మాత్రం ఆపను.

ఇంకొకటి, ఆ జిడ్డు పట్టిన గుడ్డలకు తొందరగా మంట అంటుకుంటుంది, ఉతికినా జిడ్డు పూర్తిగా పోదు. బాబును చుట్టిన గుడ్డలతో పొయ్యి దగ్గరికి, దేవుడి దీపం దగ్గరికి పోనీయకండి.