ఆ లెక్క ఏ మార్చిదో ముందు చూడండి

ప్రశ్న: సార్, మాది కావలి దగ్గర పల్లె. మా అమ్మాయి ఎంబీఏ ఫైనాన్స్ పూర్తి చేసింది. రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి నెల్లూరు వైపు రొయ్యలు ఎగుమతి చేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, రెండోది చీమకుర్తి గ్రానైట్ కంపెనీ. నెట్‌లో చూస్తే రొయ్యల కంపెనీ లెక్కలు 2024 మార్చి దాకానే ఉన్నాయి. గ్రానైట్ కంపెనీవి 2022 మార్చి దగ్గరే ఆగిపోయాయి. ఇప్పుడు 2025 సెప్టెంబర్ కదా. ఇంత పాత లెక్కలు చూసి పిల్లను ఎలా పంపేది? రెండు కంపెనీలూ ఏమైనా దాస్తున్నాయా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: రెండింటినీ ఒకే గాటన కట్టకండి. రొయ్యల కంపెనీ ఏదో దాస్తోందని ఈ తేదీని బట్టి అనలేం. ఈ నెలలో ఎవరు వెతికినా చాలా ప్రైవేట్ కంపెనీలకు 2024 మార్చి లెక్కే దొరుకుతుంది. గ్రానైట్ కంపెనీ సంగతి వేరు. నెట్‌లో కనబడింది నిజమే అయితే రెండేళ్ల లెక్కలకు గడువు దాటిపోయింది.

ఎందుకో చెబుతాను. మన కంపెనీల ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగుస్తుంది. ముగిసిన మర్నాడే లెక్క బయటికి రాదు. కోల్డ్ స్టోరేజీలో ఎంత సరుకుందో లెక్కేయాలి, రావాల్సిన బాకీలు తేల్చాలి, ఆడిటర్ చూసి సంతకం పెట్టాలి. ఆ తర్వాత వాటాదారుల వార్షిక సమావేశం, అంటే ఏజీఎం జరగాలి. సంవత్సరం ముగిశాక ఆరు నెలల్లోపు, అంటే సెప్టెంబర్ 30లోపు ఏజీఎం జరపాలని కంపెనీల చట్టం చెబుతుంది. ఏజీఎం జరిగాక 30 రోజుల్లో బ్యాలెన్స్ షీట్, లాభనష్టాల పట్టిక AOC-4 అనే ఫారంలో కంపెనీల రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. వాటాదారులు, డైరెక్టర్ల వివరాలుండే MGT-7కి 60 రోజుల గడువు.

అంటే 2024-25 లెక్క అక్టోబర్ నెలాఖరుకి వచ్చినా గడువులో వచ్చినట్టే. కొన్ని కంపెనీలు ముందే ఇచ్చేస్తాయి గానీ ఎక్కువ శాతం చివరి వారాల దాకా ఆగుతాయి. ఇక్కడ ఒక చిన్న లెక్క కట్టి చూడండి. గడువు చివర్లో దాఖలైన రోజుకే ఆ బ్యాలెన్స్ షీట్ వయసు ఏడు నెలలు. దాని స్థానంలో కొత్తది వచ్చే ముందు రోజుకి అదే పంతొమ్మిది నెలలు అవుతుంది. మీరు సెప్టెంబర్‌లో చూస్తున్నారు కాబట్టి 2024 మార్చి లెక్క మీకు పదిహేడు నెలల పాతదిగా కనబడుతోంది. అదే నవంబర్‌లో చూసి ఇంకా 2024 మార్చే ఉంటే, అప్పుడు అడగాల్సిందే. చూసే నెలను బట్టి అదే తేదీ ఒకసారి మామూలు, ఇంకోసారి అనుమానం.

ఇప్పుడు గ్రానైట్ కంపెనీ. 2022-23 లెక్క 2023 అక్టోబర్ నెలాఖరుకి, 2023-24 లెక్క 2024 అక్టోబర్ నెలాఖరుకి దాఖలు కావాలి. రెండూ లేవు. ఆలస్యానికి ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల అదనపు ఫీజు పడుతుంది. 2023 అక్టోబర్‌లో రావాల్సిన AOC-4 ఒక్కదానికే ఇవాళ్టికి అరవై వేలు దాటింది. ఈ అక్టోబర్‌లో మూడోది కూడా తప్పితే, వరసగా మూడేళ్లు లెక్కలివ్వని కంపెనీ కింద డైరెక్టర్ల మీద అనర్హత పడుతుంది. ఐదేళ్ల పాటు వాళ్లు ఆ కంపెనీలో మళ్లీ నియమితులు కాలేరు, ఇంకో కంపెనీలో కొత్తగా చేరలేరు. దీని వెనక భాగస్వాముల గొడవ ఉండొచ్చు, ఆడిటర్ ఫీజు బాకీ ఉండొచ్చు, నిజంగానే వ్యాపారం ఆగి ఉండొచ్చు. కారణమేదైనా, అకౌంట్స్ విభాగంలో చేరబోయే పిల్లకు ఆ కాగితాల పనే మొదట నెత్తిన పడుతుంది.

అయితే ఒక్క మాట. మీరు చూసింది కంపెనీల సమాచారం అమ్మే ప్రైవేట్ వెబ్‌సైట్ అయితే అక్కడితో తేల్చేయకండి. ఆ సైట్లు అన్ని కంపెనీల లెక్కలూ ఎప్పటికప్పుడు కొని పెట్టవు. పైన "ఈ నెల అప్‌డేట్ చేశాం" అని రాసి ఉన్నా, అది ఆ పేజీ తేదీయే, లెక్క తేదీ కాదు. mca.gov.inలో కంపెనీ మాస్టర్ డేటా తెరవండి. అందులో Date of Last AGM, Date of Balance Sheet అని రెండు వరసలుంటాయి. మన పనంతా ఆ రెండింటితోనే. గ్రానైట్ కంపెనీకి అక్కడ 31-03-2024 అని ఉంటే తప్పు వెబ్‌సైట్‌దే, కంపెనీ శుభ్రంగానే ఉంది. 31-03-2022 అనే ఉంటే పైన చెప్పిందంతా వర్తిస్తుంది. పక్కనే Company Status చూసి Active అని ఉందని ఊరుకోకండి. రిజిస్ట్రార్ తన జాబితా నుంచి కంపెనీ పేరు కొట్టేసే దాకా లెక్కలివ్వని కంపెనీకీ అక్కడ ఆ మాటే కనబడొచ్చు.

గడువు ప్రతి ఏడూ ఒకేలా ఉంటుందనుకోకండి. కోవిడ్ వల్ల 2019-20 సంవత్సరపు ఏజీఎంకి 2020 డిసెంబర్ 31 దాకా సమయమిచ్చారు. కొత్త కంపెనీకి లెక్క ఇంకోలా ఉంటుంది. జనవరి 1 నుంచి మార్చి 31 మధ్యలో పుట్టిన కంపెనీ మొదటి ఆర్థిక సంవత్సరం మరుసటి ఏడు మార్చి దాకా సాగుతుంది, మొదటి ఏజీఎంకి తొమ్మిది నెలలుంటాయి. 2024 ఫిబ్రవరిలో పుట్టిన కంపెనీకి ఇవాళ ఒక్క బ్యాలెన్స్ షీట్ కూడా కనబడకపోయినా తప్పు పట్టలేం.

సంవత్సరం పేర్ల దగ్గర కూడా పిల్లలు పొరబడుతుంటారు. జూన్‌లో అల్లూరు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. తను చేరబోయే సంస్థ వాళ్లు ఇచ్చారని ఒక కాగితం చూపించాడు. పైన పెద్దక్షరాల్లో 2024-25 అని ఉంది. "సార్, ఇవి పోయిన మార్చి లెక్కలే, చాలా తాజావి" అన్నాడు. అది ఆదాయపు పన్ను రిటర్న్ రసీదు. ఆ అంకె ముందున్న అసెస్‌మెంట్ ఇయర్ అనే మాట వాడు చదవలేదు. అసెస్‌మెంట్ ఇయర్ 2024-25 అంటే సంపాదించింది 2023-24లో. వాడు అనుకున్నదానికన్నా అది ఒక ఏడాది పాతది. అలాగే వెబ్‌సైట్లలో FY24 అని ఉంటే 2024 మార్చితో ముగిసిన ఏడాది అని అర్థం, 2024లో మొదలైనది కాదు. ఏ కాగితం చూసినా "31 మార్చి ఫలానా ఏడుతో ముగిసిన సంవత్సరం" అన్న వాక్యం వెతకమని మీ అమ్మాయికి చెప్పండి. అదొక్కటే పొరబాటుకి చోటివ్వని మాట.

ఇక రొయ్యల కంపెనీ విషయంలో నాకు అసలు ఆందోళన దాఖలు తేదీ గురించి కాదు. ఆగస్టు 7 నుంచి అమెరికా మన సరుకు మీద 25 శాతం అదనపు సుంకం వేసింది, ఆగస్టు 27 నుంచి దాన్ని 50 శాతం చేసింది. కౌంట్ రేట్లు ఎలా కదులుతున్నాయో గుంటలున్న మీ ఊరివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 2024 మార్చి బ్యాలెన్స్ షీట్‌కి ఆ సంగతే తెలియదు. అక్టోబర్‌లో రాబోయే 2024-25 అంకెలు కూడా 2025 మార్చి 31తోనే ఆగుతాయి కాబట్టి అందులోనూ ఆ దెబ్బ కనబడదు. సుంకం ప్రభావం పూర్తిగా అంకెల్లోకి వచ్చేది 2025-26 లెక్కలో. అది మన చేతికొచ్చేది 2026 అక్టోబర్‌కి. అప్పటికి మీ అమ్మాయి చేరి ఏడాది అవుతుంది.

అందుకని బ్యాలెన్స్ షీట్ కన్నా త్వరగా మారే గుర్తులు చూడాలి. మొదటిది జీఎస్టీ. ఆఫర్ లెటర్ మీదో, ఇన్వాయిస్ మీదో 37తో మొదలయ్యే జీఎస్టీ నంబరుంటుంది, 37 మన రాష్ట్రం కోడ్. gst.gov.inలో Search Taxpayer దగ్గర అది కొడితే ఏ నెల రిటర్న్ ఏ రోజు దాఖలైందో పట్టికగా వస్తుంది. లాగిన్ అక్కర్లేదు. నెలనెలా దాఖలు చేసే కంపెనీకి GSTR-3B గడువు మరుసటి నెల 20. కాబట్టి ఇప్పుడు జులై నెలది కనబడాలి. ఏప్రిల్ దాకా 20లోపే వేసి, మే నుంచి నెలాఖరుకి జారిపోతుంటే చేతిలో డబ్బు ఇరుకుగా ఉందేమోనని అనుమానించొచ్చు. అందులో అమ్మకం ఎంతో కనబడదు, తేదీలే కనబడతాయి. ఆ తేదీలు మాత్రం తాజావి.

రెండోది అప్పు. బ్యాంకుకు ఆస్తి తాకట్టు పెడితే 30 రోజుల్లో రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయాలి. mca.gov.inలోనే Index of Charges అని ఉంటుంది. 2024 మార్చి తర్వాత కొత్త తాకట్లు పడ్డాయా, ఎంత మొత్తానికి అన్నది అక్కడ తెలుస్తుంది. కొత్త తాకట్టు చెడ్డదని కాదు. ప్లాంట్ విస్తరిస్తే కూడా అప్పు తెస్తారు. ఇంటర్వ్యూలో అడగడానికి మీ అమ్మాయికి ఒక మంచి ప్రశ్న దొరుకుతుంది.

మూడోది రేటింగ్. బ్యాంకు అప్పు పెద్దదైతే క్రిసిల్, ఇక్రా, కేర్ లాంటి సంస్థలు రేటింగ్ ఇచ్చి, కారణాలు తమ సైట్లో ఉచితంగా పెడతాయి. ఆ పత్రంలో ఒక్కోసారి రిజిస్ట్రార్ దగ్గర ఇంకా లేని ఏడాది తాత్కాలిక అంకెలు కూడా దొరుకుతాయి. "ఇష్యూయర్ నాట్ కోఆపరేటింగ్" అని రాసి ఉంటే కంపెనీ సమాచారం ఇవ్వడం మానేసిందని అర్థం. అప్పుడు పాత అంకెల మీద ఆధారపడకండి.

కంపెనీ గురించే కాకుండా పరిశ్రమ గురించి తెలియాలంటే స్టాక్ మార్కెట్లో ఉన్న అవంతి ఫీడ్స్, అపెక్స్ ఫ్రోజెన్ ఫుడ్స్ ఫలితాలు చదవొచ్చు. లిస్టెడ్ కంపెనీలు మొదటి మూడు త్రైమాసికాలకు 45 రోజుల్లో ఫలితాలివ్వాలి. జూన్ త్రైమాసికం ఆగస్టు 14కే రావాలి, కానీ అది ఆగస్టు సుంకాలకు ముందుది. సెప్టెంబర్ త్రైమాసికం నవంబర్ 14లోపు వస్తుంది. పెద్ద కంపెనీకి పడిన దెబ్బ చిన్నదానికి అదే కొలతలో పడుతుందని అనుకోకండి. ఒకరు అమెరికాకి పంపుతారు, ఒకరు చైనాకి పంపుతారు.

ఈ నెలాఖరు ఏజీఎం గడువు కాబట్టి, రొయ్యల కంపెనీలో ఆడిట్ ఈపాటికి చాలావరకు అయిపోయి ఉండాలి. మీ అమ్మాయి హెచ్ఆర్ వాళ్లను మర్యాదగా అడగొచ్చు: "2024-25 ఆడిట్ పూర్తయిందా అండీ? ఏజీఎం ఎప్పుడు? అమ్మకాల్లో అమెరికా వాటా ఎంత?" ఫైనాన్స్ అభ్యర్థి అడగదగ్గ ప్రశ్నలే ఇవి, ఎవరూ తప్పుగా తీసుకోరు. గ్రానైట్ కంపెనీని మాత్రం మాస్టర్ డేటాలో 31-03-2022 అనే ఉంటే, 2022-23, 2023-24 లెక్కలు ఎందుకు దాఖలు కాలేదో సూటిగా అడగమనండి. జవాబు వచ్చేదాకా ఆఫర్ మీద సంతకం ఆపండి. చేరే తేదీ నవంబర్ మూడో వారానికి జరుపుకోగలిగితే, రొయ్యల కంపెనీ AOC-4 కూడా, లిస్టెడ్ కంపెనీల సెప్టెంబర్ ఫలితాలు కూడా అప్పటికి మీ ముందుంటాయి.