సర్పి మానింది, మంట మానలేదు: నాలుగు నెలల తర్వాత ఏం చేయాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 70 ఏళ్లు. నాలుగు నెలల క్రితం వీపు నుంచి ఛాతీ వరకు ఒకవైపు సర్పి వచ్చింది. పొక్కులు మూడు వారాల్లో మానిపోయాయి కానీ మంట పోలేదు. చొక్కా తగిలినా అల్లాడిపోతున్నారు, రాత్రుళ్లు నిద్ర లేదు. డాక్టర్ గారు ప్రీగాబలిన్ 75 రాత్రికి ఒకటి రాశారు. నెల దాటినా పెద్ద తేడా లేదు. ఇది అసలు తగ్గుతుందా? ఇంకేమైనా మార్గం ఉందా?

జవాబు:

ముందుగా ఒక మాట అండి. నాన్నగారు వాడుతున్న 75 రాత్రికి ఒకటి అనేది పెద్ద వయసువాళ్లకు మొదలుపెట్టే డోసు. అక్కడి నుంచి మెల్లగా పెంచుకుంటూ వెళ్లాలి. చాలా ఇళ్లలో ఆ మొదటి మెట్టు మీదే నెలలు గడిచిపోయి, మందు పనిచేయలేదని ఆపేస్తారు. కాబట్టి ఈ మందు ఆయనకు పనికిరాదని ఇప్పుడే చెప్పలేం. అదే డాక్టర్ గారి దగ్గరికి మళ్లీ వెళ్లి, డోసు పెంచవచ్చా అని అడగండి.

నేను డాక్టర్‌ని కాదు. మా అత్తయ్యకు 72వ ఏట ఇదే వచ్చింది, కుడివైపు రొమ్ము కింద నుంచి వీపు దాకా. ఆవిడకు షుగర్ కూడా ఉంది. మందులు ఇవ్వడం, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం అంతా నేనే చూసుకున్నాను కాబట్టి ఆ అనుభవం నుంచి చెబుతున్నాను.

చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ ఒంట్లోంచి పూర్తిగా పోదు. వెన్నుపూస పక్కన నరాల మొదళ్లలో ఉండిపోయి, వయసు మీద పడి రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు ఏదో ఒక నరం వెంట బయటికి వస్తుంది. అందుకే సర్పి ఒకవైపే, పట్టీలాగా వస్తుంది. చర్మం మీది పొక్కులు మానినా, దారిలో ఆ నరానికి తగిలిన దెబ్బ అంత త్వరగా మానదు. దెబ్బతిన్న నరం ఏమీ తగలకపోయినా నొప్పి సంకేతాలు పంపుతూ ఉంటుంది. మామూలు స్పర్శను కూడా నొప్పిగానే మెదడుకు చేరవేస్తుంది. సర్పి వచ్చి మూడు నెలలు దాటినా ఈ నొప్పి ఉంటే దాన్ని పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా అంటారు. వైరస్ పని అప్పటికే అయిపోయి ఉంటుంది కాబట్టి ఎసైక్లోవిర్ లాంటివి ఇప్పుడు మళ్లీ వాడినా ఉపయోగం లేదు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు వాపు మీద పనిచేసేవి, నరం నొప్పికి దాదాపు పనికిరావు, పైగా ఈ వయసులో కిడ్నీలకు చేటు. మందుల షాపులో అడిగి తెచ్చుకోవద్దని నాన్నగారికి గట్టిగా చెప్పండి.

డోసు పెంచే ముందు మా డాక్టర్ గారు రక్త పరీక్ష చేయించారు. అత్తయ్య క్రియాటినిన్ 1.4 వచ్చింది. చూడటానికి చిన్న తేడాలా ఉన్నా, ఆ వయసు ఆడవాళ్లలో దాని అర్థం కిడ్నీలు దాదాపు 40 శాతమే పనిచేస్తున్నాయని. ప్రీగాబలిన్, దాని కుటుంబానికే చెందిన గాబాపెంటిన్ రెండూ కిడ్నీల ద్వారానే బయటికి పోతాయి. కిడ్నీ నెమ్మదిస్తే మందు ఒంట్లో పేరుకుపోయి తల తిరగడం, మత్తు, తూలడం మొదలవుతాయి. అందుకని అందరికీ ఇచ్చే డోసులో సగం దాటకూడదని ముందే అనుకుని, రోజుకు 150 వరకే వెళ్దామన్నారు. 50తో రాత్రిపూట మొదలుపెట్టి, వారం వారం చూసుకుంటూ, ఉదయం చిన్న డోసు, రాత్రి పెద్ద డోసుగా పెంచుకుంటూ వచ్చాం. నాన్నగారి కిడ్నీలు బాగుంటే ఆయనకు ఇంతకంటే పైకి వెళ్లే వీలుండొచ్చు. కానీ క్రియాటినిన్ చూడకుండా మాత్రం పెంచకూడదు.

ఇక్కడ మన దగ్గర తరచుగా వచ్చే చిక్కు ఒకటి ఉంది. ప్రీగాబలిన్ మన షాపుల్లో ఒక్కటిగా కంటే మిథైల్‌కోబాలమిన్‌తోనో, నార్‌ట్రిప్టిలిన్‌తోనో కలిపిన బిళ్లగానే ఎక్కువగా వస్తుంది. కలిపిన బిళ్లను ఒకటికి రెండు చేస్తే రెండో మందు కూడా రెట్టింపవుతుంది. నాన్నగారి స్ట్రిప్ వెనక ఏమేం రాసి ఉందో ఒకసారి చదవండి. విడిగా ఉన్న ప్రీగాబలిన్ రాయమంటే డోసు సర్దుకోవడం సులువవుతుంది. మిథైల్‌కోబాలమిన్ అంటే బి12 విటమినే. ఏళ్ల తరబడి షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బి12 తగ్గి ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి పరీక్ష చేయించి, తక్కువగా ఉంటే వేసుకోవచ్చు. దానికి ఈ మంటను ఆపే శక్తి ఉందని మాత్రం అనుకోకండి.

150 దగ్గర అత్తయ్యకు నిద్ర పట్టింది కానీ పగటి మంట సగంలో ఆగింది. అప్పుడు ఈసీజీ తీయించి, రాత్రికి నార్‌ట్రిప్టిలిన్ 10 కలిపారు. ఇది పాతకాలపు డిప్రెషన్ మందు. చిన్న డోసులో నరాల నొప్పికి వాడతారు, మనసు బాగోలేదని కాదు. అత్తయ్యకు ఈ మాట వివరించాకే వేసుకున్నారు. ఎమిట్రిప్టిలిన్ కూడా ఇదే కుటుంబం. అయితే మత్తు, నోరు ఎండిపోవడం, మలబద్ధకం నార్‌ట్రిప్టిలిన్‌తో కాస్త తక్కువ కాబట్టి పెద్దవాళ్లకు దీన్నే ముందు చూస్తారు. నాన్నగారి విషయంలో రెండు సంగతులు తప్పకుండా డాక్టర్‌కు చెప్పండి: ప్రోస్టేట్ వల్ల మూత్రం ఆగి ఆగి వస్తోందా, కంటిలో గ్లాకోమా ఉందా. ఉంటే ఈ మందులు ఇబ్బంది పెడతాయి. గుండె జబ్బు ఉన్నా అంతే.

ఏ మందైనా పనిచేస్తుందో లేదో తేల్చడానికి, ఒంటికి పట్టే పైడోసుకు చేరాక కనీసం రెండు వారాలు చూడాలి. పెంచుకుంటూ వెళ్లే సమయం కూడా కలిపితే ఒక్కో మందుకు నెలన్నర, రెండు నెలలు పడుతుంది. మరో సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది. ఈ మందులు అందరికీ పనిచేయవు. గాబాపెంటిన్ మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, పదిమందిలో ముగ్గురు, నలుగురికి నొప్పి సగమో అంతకంటే ఎక్కువో తగ్గింది. ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవాళ్లలో ఒకరిద్దరికి అలా తగ్గింది. అందుకే ఒకటి కుదరకపోతే ఇంకొకటి ప్రయత్నించడం ఈ వైద్యంలో మామూలు సంగతి. నొప్పి పూర్తిగా పోవాలన్న లెక్కతో చూస్తే ప్రతి మందూ ఓడిపోయినట్టే కనిపిస్తుంది. మేం రోజూ నొప్పికి పది మార్కులకు ఎన్ని వేస్తారో, రాత్రి ఎన్నిసార్లు లేచారో, జాకెట్టు వేసుకోగలిగారో లేదో నోట్‌బుక్‌లో రాశాం. అత్తయ్య నోటితో ఇంకా అలాగే ఉందని అంటున్న వారంలోనే రాత్రి లేవడం తగ్గిందని ఆ పుస్తకంలో కనిపించింది. డాక్టర్ కూడా ఆ రాతలు చూసే డోసు నిర్ణయించారు.

నాన్నగారికి చొక్కా తగిలితేనే బాధ అన్నారు కాబట్టి, లిడోకైన్ 5 శాతం ప్యాచ్ గురించి ప్రత్యేకంగా అడగండి. నాకైతే ఇది ఇంకా ముందే మొదలుపెట్టాల్సిన మందు అనిపిస్తుంది, ఎందుకంటే ఇది చర్మం కిందనే పనిచేస్తుంది, రక్తంలోకి చాలా కొద్దిగానే వెళ్తుంది, మత్తు తేదు. పొక్కులు పూర్తిగా మానిన చర్మం మీదే, నొప్పి ఉన్న చోట అతికించి 12 గంటలు ఉంచాలి, తర్వాత 12 గంటలు తీసేయాలి. ఒకేసారి మూడు ప్యాచ్‌ల వరకు వాడొచ్చు. వెనక కాగితం తీయకముందే కత్తెరతో కావలసిన సైజుకు కోసుకోవచ్చు. మన ఎండాకాలంలో చెమటకు ఊడిపోతుంటుంది, అందుకని మేం సాయంత్రం చల్లబడ్డాక, ఒళ్లు తుడిచి ఆరాక అంటించేవాళ్లం. దాని మీద వేడి కాపడం మాత్రం పెట్టకూడదు. ధర ఎక్కువే, చిన్న ఊళ్లలో ఆర్డర్ పెట్టి తెప్పించుకోవాలి. క్యాప్సైసిన్ క్రీమ్ కూడా ఉంది కానీ అది మిరపకాయలోని ఘాటు పదార్థం. మొదటి వారాల్లో మంట పెంచుతుంది, రోజుకు మూడు నాలుగు సార్లు రాయాలి, చెయ్యి కంట్లో పడితే చాలా ప్రమాదం. తాకితేనే విలవిల్లాడే మనిషికి నేను ముందుగా దాన్ని చెప్పను.

బట్టల విషయంలో మాకు పనికొచ్చిన చిట్కా ఒకటి చెబుతాను. వదులు చొక్కా నడిచినప్పుడల్లా చర్మం మీద రాసుకుంటుంది, ఆ రాపిడే ఎక్కువ బాధిస్తుంది. ఒంటికి కాస్త అంటిపెట్టుకుని కదలకుండా ఉండే మెత్తని కాటన్ బనియన్ వేసి, దాని మీద చొక్కా వేసుకుంటే చాలామందికి నయంగా ఉంటుంది. వేడినీళ్ల సంచి పెట్టొద్దు. ఆ పట్టీలో కొన్ని చోట్ల స్పర్శ కూడా తగ్గి ఉంటుంది, కాలినా తెలియదు. సర్పికి పూసే ఎర్రమన్ను, పసరు లాంటివి ఈ దశలో రుద్దినకొద్దీ బాధ పెంచడమే తప్ప నరం దాకా వెళ్లవు.

డోసు పెంచే రోజుల్లో అన్నిటికంటే భయపడాల్సింది పడిపోవడం గురించి. అత్తయ్య రాత్రి బాత్రూమ్‌కు లేస్తే మంచం మీదే కాసేపు కూర్చుని, తర్వాత నిలబడేవారు. దారిలో లైటు వేసి ఉంచేవాళ్లం. పాదాలు వాచితే కూడా డాక్టర్‌కు చెప్పాలి, ప్రీగాబలిన్‌తో అది వస్తుంది. నిద్ర బిళ్లలు, మద్యం, ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మందులు దీనితో కలిస్తే మత్తు పెరిగి ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. వేరే డాక్టర్ ఎవరైనా ట్రమడాల్ రాస్తే ఈ మందుల చీటీ చూపించకుండా మొదలుపెట్టొద్దు.

రెండు మూడు మందులు సరైన డోసులో చూశాక కూడా నిద్ర లేకపోతే పెయిన్ క్లినిక్‌కు వెళ్లండి. అక్కడ ఆ నరం దగ్గర ఇంజెక్షన్‌తో బ్లాక్ చేస్తారు. ఉపశమనం కొన్నాళ్లే ఉండొచ్చు, అందరికీ పనిచేయదు. ఇంకో జాగ్రత్త. నొప్పి ఎడమవైపు ఛాతీలో ఉంటే, కొత్తగా బరువుగా నొక్కినట్టు నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే దాన్ని సర్పి మంట ఖాతాలో వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తగ్గుతుందా అని అడిగారు. ఎక్కువమందిలో నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. కొందరికి ఏడాది దాటుతుంది, వయసు పెద్దదైనా, మొదట్లో నొప్పి తీవ్రంగా ఉన్నా ఎక్కువ కాలం పట్టొచ్చు. అత్తయ్యకు ఏడాది దగ్గరపడుతుండగా రోజులో ఎక్కువ సేపు మంట గుర్తు రానంతగా తగ్గింది. అప్పుడు మందులు ఒకేసారి ఆపలేదు. ముందు నార్‌ట్రిప్టిలిన్, తర్వాత ప్రీగాబలిన్ కొద్దికొద్దిగా వారాల మీద తగ్గించారు. హఠాత్తుగా ఆపితే నిద్ర పట్టకపోవడం, చెమటలు, ఆందోళన వస్తాయి, నొప్పి కూడా తిరగబెడుతుంది. నాన్నగారికి రేపు నయమైనా, ఊరెళ్తూ స్ట్రిప్ మర్చిపోయినా ఈ సంగతి గుర్తుంచుకోండి.