ఇల్లంతా ప్రెషర్ తగ్గితే ముందు స్క్రూ తిప్పకండి

"మొన్న అపార్ట్‌మెంట్ పైన ట్యాంకు కడిగారు. అప్పటి నుంచి మా ఫ్లాట్‌లో అన్ని కుళాయిల్లోనూ నీళ్లు సన్నగా వస్తున్నాయి. పక్కింట్లో బాగానే ఉంది. నెల్లూరులో పది అంతస్తుల బిల్డింగ్, మాది రెండో అంతస్తు."

అన్నా, పక్కింట్లో బాగుందంటే అడ్డం మీ ఇంటికొచ్చే లైన్లోనే ఉంది. డక్ట్ తలుపు తీసి ముందు మెయిన్ వాల్వు చూడండి. లివర్ ఉంటే అది పైపు వెంబడే ఉండాలి. చక్రం ఉంటే ఎడమకి పూర్తిగా తిప్పండి. ఎంత తిప్పినా ఆగకుండా ఊరికే తిరుగుతుంటే లోపల గేటు ఊడిపోయినట్టే, వాల్వు మార్చాల్సిందే.

వాల్వు బాగుంటే దాని తర్వాత ఇత్తడి రెగ్యులేటర్ ఉంటుంది. ట్యాంకు మీకు పాతిక మీటర్ల పైన ఉంటే దాదాపు 2.5 బార్ వస్తుంది, దాన్ని తగ్గించేది ఇదే. దాని మీద గేజ్ ఉంటే కుళాయిలన్నీ కట్టేసి చూడండి. మాకూ ఇలాగే అయినప్పుడు ముల్లు 2 బార్ దగ్గర నిలిచింది, ఒక్క కుళాయి తిప్పగానే సున్నా దాకా జారింది. అంటే సెట్టింగ్ బాగానే ఉంది, రెగ్యులేటర్‌లో మడ్డిని ఆపే జల్లెడే మూసుకుపోయింది. మా ప్లంబర్ మాత్రం వస్తూనే రెగ్యులేటర్ మీద ప్రెషర్ సెట్ చేసే స్క్రూ బిగించబోయాడు!

మెయిన్ వాల్వు కట్టి, ఒక కుళాయి తెరిచి ప్రెషర్ పోనిచ్చి, కింద బకెట్ పెట్టి జల్లెడ మూత విప్పండి. మాకు చెంచాడు మడ్డి వచ్చింది. పాత టూత్‌బ్రష్‌తో కడిగి బిగించాం.

కుళాయిలు కట్టేసినా ముల్లు 1 కూడా దాటకపోతే అప్పుడే లాక్‌నట్ వదులు చేసి స్క్రూ కుడికి అర చుట్టు తిప్పండి. ముల్లులో కదలిక లేకపోతే లోపలి డయాఫ్రమ్ పోయి ఉండొచ్చు, ప్లంబర్‌ని పిలవండి.