గోరు మీద నల్లటి గీత.. రక్తం గడ్డకట్టడమేనా?

నాకు 47 ఏళ్లు. కుడిచేతి బొటనవేలి గోరు మీద నల్లటి గీత ఉంది. ఎనిమిది నెలల కిందట ఆ వేలు తలుపు సందులో నలిగింది, ఆ రక్తమే గడ్డకట్టిందని ఊరుకున్నాను. ఇప్పుడు గీత గోరు మొదట్లో లావుగా, చివర సన్నగా కనిపిస్తోంది. మిగతా గోళ్లు చెంచాల్లా గుంటపడ్డాయి. కాల్షియం తక్కువైందా?
– ఒక పాఠకురాలు

కాల్షియంతో దీనికి సంబంధం లేదండీ. గీత, గుంటలు రెండూ వేర్వేరు సంగతులు. ముందు గీత సంగతి చూద్దాం.

చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే గోరు చివరి భాగం దాదాపు ఆరు నెలల కిందటిది, మొదట్లో ఉన్నది ఈ మధ్యే పుట్టినది. నలిగినప్పుడు చేరిన రక్తమైతే గోరుతోపాటు ముందుకు జరిగి, దాని వెనక తెల్లటి కొత్త గోరు రావాలి. ఎనిమిది నెలలకు మచ్చ దాదాపు పోవాలి కూడా. మీ గీత ఇంకా మొదలు నుంచే వస్తోందంటే, గోరు పుట్టే చోట ఉన్న రంగు కణాలే ఆ నలుపును తయారుచేస్తున్నాయి. చివరకంటే మొదట్లో లావుగా ఉందంటే, ఆ చోటు ఈ నెలల్లో పెద్దదైందన్నమాట. నాకు నచ్చనిది ఇదే.

రంగు ఎక్కువున్న చర్మం వాళ్లకు చాలా గోళ్ల మీద సన్నటి గీతలు మామూలే, వాటికి టెన్షన్ అక్కర్లేదు. ఒకే గోరుకు, అందులోనూ బొటనవేలికి, పెద్దయ్యాక వచ్చి వెడల్పవుతుంటే మెలనోమా అనే క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. గోరు మొదట్లో ఉన్న చర్మానికి కూడా నలుపు పాకిందేమో వెలుతురులో చూడండి. పాకితే అనుమానం పెరుగుతుంది, పాకకపోయినా వాయిదా వేయొద్దు. ఈ వారమే చర్మవైద్యులను కలవండి, గోళ్లరంగు తీసేసి వెళ్లండి. పెద్దదిగా చేసి చూపే డెర్మోస్కోప్‌తో చూసి, అవసరమైతే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, గోరు పుట్టే చోటు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. తర్వాత గోరు మీద చిన్న చీలిక మిగలొచ్చు. చాలామందికి అది పుట్టుమచ్చలాంటిదేనని తేలుతుంది, కానీ ఫొటో చూసి ఆ మాట ఎవరూ చెప్పలేరు.

చెంచాలా గుంటపడిన గోరు మీద నీటిబొట్టు వేస్తే జారకుండా నిలుస్తుంది. దీనికి ఎక్కువగా కారణం ఐరన్ లోపం. హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే సరిపోదు, అది బాగున్నా ఒంట్లో ఐరన్ నిల్వలు తగ్గి ఉండొచ్చు, అందుకే ఆ నిల్వలు చూపే ఫెర్రిటిన్ పరీక్ష కూడా చేయించండి. తక్కువని తేలితే మాత్రలతో ఆపేయకుండా రక్తం ఎటు పోతోందో వెతకాలి. మీ వయసులో నెలసరి ఎక్కువ కావడం ఒక కారణం, కడుపులోనో పేగుల్లోనో మెల్లగా కారడం ఇంకొకటి.

మిగతా పాఠకుల కోసం ఒక మాట. గోళ్ల మీద సూదితో పొడిచినట్టు చుక్కలుంటే సోరియాసిస్ ఉందేమో, తలలో గుండ్రంగా జుట్టు ఊడుతోందేమో చూడాలి. కాలిగోరు మందమైతే ఫంగస్ అనుకుని నెలల తరబడి మాత్రలు మింగొద్దు, ముందు గోరు పొడి గీసి పరీక్ష చేయించాలి. బిగుతు చెప్పుల వల్ల కూడా గోరు అచ్చం అలాగే మందమవుతుంది.