ఫేర్‌వెల్ లెక్కలో లోటు ఎంత?

*సీనియర్లు 60 మందికి ఫేర్‌వెల్ ఇస్తున్నాం. మేము 90 మందిమి, తలకు 500 చందా. ఇప్పటికి 72 మంది ఇచ్చారు. చేతిలో 36,000 ఉంటే షీటులో మొత్తం 33,000 అని వస్తోంది. లోటు 6,000 అనుకుంటున్నాం. తలకు ఇంకా ఎంత అడగాలి?*

ముందు ఆ 3,000 సంగతి చూద్దాం. చందా అంకెలు B నిలువు వరుసలో, B2 నుంచి B91 దాకా ఉన్నాయనుకుందాం. వాటిలో కొన్ని గడిలో ఎడమ అంచుకు అతుక్కుని ఉన్నాయేమో గమనించండి. ఎవరో 500 బదులు 500/- అని కొట్టి ఉంటారు. షీటుకు అది అంకె కాదు, అక్షరం. అందుకే `SUM` దాన్ని పక్కన పెట్టేస్తుంది. అలాంటి గడులు ఎన్నో ఇది చెబుతుంది:

```
=COUNTA(B2:B91)-COUNT(B2:B91)
```

మీకు 6 రావాలి. ఆ గడుల్లో 500 అని మళ్లీ కొట్టండి. అప్పటికీ ఎడమవైపే ఉంటే గడి ఫార్మాట్‌ను టెక్స్ట్ నుంచి నంబర్‌కు మార్చి, ఇంకోసారి కొట్టండి.

ఇక లోటు. మీ 6,000 లెక్క 90 మందీ చందా ఇస్తారన్న నమ్మకం మీద వేసింది. హాలు, సౌండు, జ్ఞాపికలు కలిపి 21,000, భోజనం ప్లేటు 200 అనుకుందాం. అప్పుడే మీ 6,000 సరిపోతుంది. సీనియర్లు చందా ఇవ్వరు, భోజనం చేస్తారు. వాళ్ల ప్లేట్లకు 12,000. అంటే 33,000 ఎలాగూ మోయాలి. మీలో ఒకరు 500 ఇస్తే అందులో 200 తన ప్లేటుకే పోతుంది, ఉమ్మడి ఖర్చుకు మిగిలేది 300. ఆ లెక్కన 72 మంది నుంచి 21,600. లోటు 11,400.

E1లో 21000, E2లో 60, E3లో 200 వేసి, E4లో ఇది పెట్టండి:

```
=E1+(E2+COUNT(B2:B91))*E3-SUM(B2:B91)
```

తలకు అదనం:

```
=ROUNDUP(E4/COUNT(B2:B91),-1)
```

160 వస్తుంది. జాబితాలో ఉన్న 90తో కాకుండా, ఇచ్చిన 72తో భాగించడమే ఇందులో కీలకం. అయితే మొదటి రోజే చందా ఇచ్చినవాళ్లను మళ్లీ 160 అడగడం నాకు అన్యాయంగా తోస్తుంది. ముందు E1 తగ్గించి చూడండి. అక్కడ 7,200 తగ్గితే తలకు సరిగ్గా 100 తగ్గుతుంది. మిగిలిన 18 మందీ ఇచ్చినా లోటు తగ్గేది 5,400 మాత్రమే, ఇంకా 6,000 ఉంటుంది. వాళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

ఒక జాగ్రత్త. వంటవాళ్లకు ప్లేట్ల సంఖ్య చెప్పాక, రానివాళ్ల ప్లేటుకూ డబ్బు కట్టాలి. కాబట్టి చందా గడువు దానికి రెండు రోజుల ముందే పెట్టండి. సంఖ్య చెప్పిన రోజున E4లో `E2+COUNT(B2:B91)` తీసేసి, అక్కడ చెప్పిన ప్లేట్ల సంఖ్యే రాయండి. లేకపోతే ఆఖరున ఎవరైనా చందా వెనక్కి తీసుకుంటే, షీటు వాళ్ల ప్లేటు ఖర్చును కూడా తీసేసి లోటును 200 తక్కువ చేసి చూపిస్తుంది.