సెల్ఫీని ఆయిల్ పెయింటింగ్ చేస్తే ముఖం ఎందుకు మారిపోతోంది?

ప్రశ్న: మా ఫ్రెండ్ ఫోన్‌లో మామూలుగా తీసుకున్న సెల్ఫీని ఆయిల్ పెయింటింగ్‌లా మారుద్దామని చూస్తున్నా. ఫిల్టర్ వేస్తే పెయింటింగ్‌లాగైతే ఉంటోంది కానీ తను తనలా ఉండట్లేదు. ఫిల్టర్ తగ్గిస్తే మళ్లీ ఫొటోలాగే ఉంటోంది. రెండూ కుదరాలంటే ఏం చేయాలి?

జవాబు:

ఈ తిప్పలు నేనూ పడ్డాను. మా అక్క సెల్ఫీ ఒకటి తీసుకుని జింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఓ సాయంత్రమంతా కూర్చున్నా, రంగులు బాగా కలిశాయి, జుట్టు నిజంగా కుంచెతో లాగినట్టే వచ్చింది, మురిసిపోతూ అమ్మకి చూపిస్తే "బాగుందిరా, ఎవరీ అమ్మాయి?" అంది. సొంత కూతుర్ని పట్టుకుని! నవ్వొచ్చింది కానీ ఒళ్లు మండింది కూడా. ఎక్కడ తప్పిందో తెలుసుకోవడానికి తర్వాత చాలా రోజులు పట్టింది.

ముందు ఫిల్టర్ లోపల ఏం చేస్తుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. జింప్‌లో `Filters > Artistic > Oilify` ఉంటుంది కదా, అది ప్రతి పిక్సెల్ దగ్గరా ఆగి, చుట్టూ ఒక గుండ్రటి గిరి గీసుకుని, ఆ గిరిలో ఏ రంగు ఎక్కువగా ఉందో చూసి దాన్నే అక్కడ వేసేస్తుంది. అంటే ఓటింగ్ లాంటిది, మెజారిటీ ఎవరిదైతే వాళ్లదే రాజ్యం. బుగ్గలూ నుదురూ గోడా ఇలాంటి పెద్ద పెద్ద చోట్ల ఇది చక్కగా పని చేస్తుంది. చిక్కంతా ఏమిటంటే, మనిషిని ఆ మనిషిగా చూపించేవన్నీ మైనారిటీలే. కంట్లో మెరుపు చుక్క, పై రెప్ప మీద సన్నటి మడత, పెదవి చివర చిన్న నీడ, పుట్టుమచ్చ. ఇవేవీ ఓటింగ్‌లో గెలవవు.

అక్క ఫొటోలో లెక్క చెప్తా. ముఖం అడ్డంగా సుమారు 1000 పిక్సెళ్లు. కన్ను ముఖంలో ఇంచుమించు అయిదో వంతు ఉంటుంది కాబట్టి ఒక్కో కన్ను 200 దాకా వచ్చింది. అందులో మెరుపు చుక్క 12 పిక్సెళ్లు. నేను `Mask Radius` 20 పెట్టాను, అంటే గిరి అడ్డంగా 41 పిక్సెళ్లు. ఆ గిరిలో మెరుపు చుక్క వాటా పదో వంతు కూడా లేదు, చుట్టూ ఉన్న నల్ల పాప దాన్ని మింగేసింది. రెండు కళ్లలోనూ మెరుపు పోయేసరికి చూపే పోయింది. రెప్ప మడత కూడా అలాగే పోయింది, దాంతో అక్క కళ్లు వేరే ఆకారంలోకి వెళ్లిపోయాయి. అదే రేడియస్ 4 పెడితే గిరి 9 పిక్సెళ్లే, 12 పిక్సెళ్ల చుక్క నడిమధ్యలో తనే మెజారిటీ, బతికిపోతుంది. కానీ ముఖమంతా 4 పెడితే మీరన్నట్టు మళ్లీ ఫొటోలాగే ఉంటుంది.

కాబట్టి ఒకే సైజుతో మొత్తం లాగించడమే అసలు తప్పు. చెయ్యి తిరిగిన పెయింటర్లు కూడా అలా చేయరు, బట్టలకీ బ్యాక్‌గ్రౌండ్‌కీ వెడల్పాటి కుంచె వాడి కళ్ల దగ్గరికొచ్చేసరికి సన్నది పట్టుకుంటారు. మనమూ అదే చేయాలి, ఒకదాని మీద ఒకటి పేర్చే లేయర్లతో.

ఫొటో లేయర్‌కి మూడు కాపీలు తీయండి. అడుగున ఉన్నదానికి రేడియస్ 4, మధ్యదానికి 9, అన్నిటికన్నా పైదానికి 20. ఈ అంకెలు 1000 పిక్సెళ్ల ముఖానికి, మీ ఫొటోలో ముఖం 500 ఉంటే అన్నీ సగం చేసుకోండి. పై రెండు లేయర్లకీ తెల్ల మాస్క్, అంటే నలుపు పూసిన చోట ఆ లేయర్‌ని దాచేసే పొర, పెట్టండి (లేయర్ మీద రైట్ క్లిక్ చేసి `Add Layer Mask`, అందులో `White`). ఇప్పుడు పై లేయర్ మాస్క్ మీద నల్ల రంగుతో ముఖమంతా పూసేస్తే ముఖం వరకు 9 సైజు బయటపడుతుంది, జుట్టూ బట్టలూ వెనక గోడా 20లోనే ఉంటాయి. తర్వాత మధ్య లేయర్ మాస్క్ మీద కళ్లు, కనుబొమ్మలు, ముక్కు పుటాలు, పెదవుల మధ్య గీత, ఇక్కడ మాత్రమే నలుపు పూస్తే అడుగున ఉన్న 4 కనిపిస్తుంది. ఎక్కువ పూసినా మళ్లీ తెలుపు పూసి వెనక్కి రావచ్చు, టెన్షన్ అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త, మాస్క్ మీద మెత్తటి అంచున్న బ్రష్ వాడకండి. రెండు సైజులూ కలిసే చోట పొగలాగా మసక వస్తుంది, కుంచె గీతల మధ్య అలాంటి మసక అతకదు, చూడగానే కంప్యూటర్ పని అని తెలిసిపోతుంది. గరుకు అంచున్న బ్రష్ తీసుకుని చిన్న చిన్న గీతలుగా పూయండి.

కనుబొమ్మల్ని ఊరికే లిస్టులో కలపలేదు. నేనైతే మొదట్లో వాటిని అసలు పట్టించుకోలేదు, కళ్లు సరిగ్గా వస్తే చాలనుకున్నా. పవన్ సిన్హా, ఆయన తోటి పరిశోధకులు 2003లో అచ్చువేసిన ఒక ప్రయోగంలో ప్రముఖుల ఫొటోల్లో ఒకసారి కళ్లు చెరిపేసి, ఒకసారి కనుబొమ్మలు చెరిపేసి జనానికి చూపించారు. కళ్లు లేనప్పటికంటే కనుబొమ్మలు లేనప్పుడే గుర్తుపట్టడం ఎక్కువ కష్టమైంది. మా అక్కకి ఎడమ కనుబొమ్మ చివర కొంచెం పైకి లేచి ఉంటుంది, పెద్ద రేడియస్ దాన్ని సాపు చేసి రెండూ ఒకేలా గుండ్రంగా చేసేసింది. అమ్మ గుర్తుపట్టకపోవడానికి మెరుపు చుక్క ఎంత కారణమో ఇదీ అంతే అనుకుంటా.

మాస్కులయ్యాక ఇంకో రెండు చేతిపనులు మిగులుతాయి. ఆయిలిఫై వేసే మచ్చలు గుండ్రంగా ఉంటాయి, వాటికి దిశ ఉండదు. నిజం కుంచె గీతకి దిశ ఉంటుంది, బుగ్గ మీద బుగ్గ వంపు వెంట తిరుగుతుంది. అందుకని ఇక్కడిదాకా చేసినదాన్ని `Layer > New from Visible`తో కొత్త లేయర్‌గా తీసుకుని, స్మడ్జ్ టూల్‌తో, వెంట్రుకల కుంచెలాంటి బ్రష్ పెట్టి, నుదురు మీద అడ్డంగా, బుగ్గల మీద వంపు వెంట, మెడ మీద చుట్టూ తిరిగేలా పొట్టి గీతలు లాగాలి. కళ్లనీ పెదవులనీ మాత్రం ముట్టుకోకండి. ఒక్కో గీత వేశాక చేయి ఎత్తాలి, చేయి ఎత్తకుండా రుద్దుతూ పోతే చర్మం మైనంలా అయిపోతుంది, నాకు రెండుసార్లు అయింది.

రెండోది, అన్నిటికంటే పైన ఖాళీ లేయర్ ఒకటి పెట్టి, అసలు ఫొటో చూస్తూ మెరుపు చుక్కలు, పై రెప్ప గీత, పెదవి చివరల నీడ, పుట్టుమచ్చ చేత్తో వేయడం. రంగు ఫొటోలోంచే పిక్ చేయండి. మెరుపు అంటే తెలుపే కదా అని నేను స్వచ్ఛమైన తెల్ల చుక్క పెడితే కంట్లో గాజుపూస అతికించినట్టు కనిపించింది, పిక్ చేసి చూస్తే అది నిజానికి లేత నీలం. ఇంకో సంగతి, రెండు కళ్లలోనూ మెరుపు ఒకే వైపు ఉండాలి. గడియారంలో చెప్పాలంటే కుడి కంట్లో పదింటి దగ్గర ఉంటే ఎడమ కంట్లోనూ దాదాపు అక్కడే, లేకపోతే మనిషి మెల్లకన్నుతో చూస్తున్నట్టు అనిపిస్తుంది.

ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకోవడానికి నేను వాడే చిట్కా ఒకటుంది. బొమ్మని ముఖం 60 పిక్సెళ్లు ఉండేంత చిన్నది చేసి చూడండి, అదే తపాలా బిళ్లంత. ఆ సైజులో ఇట్టే గుర్తుపట్టగలిగి, పెద్దది చేస్తే మాత్రం ఎవరో అనిపిస్తే, తప్పు చిన్న వివరాల్లో ఉంది, పైన చెప్పిన చేతిపని ఇంకా మిగిలుందన్నమాట. చిన్న సైజులో కూడా గుర్తుపట్టలేకపోతే వివరాలు ఎన్ని దిద్దినా లాభం లేదు, వెలుగునీడల పెద్ద ఆకారాలే కదిలిపోయాయి. సాధారణంగా కళ్ల గుంతల నీడని పెద్ద రేడియస్ తినేసి ఉంటుంది, లేదా పెయింటింగ్ లుక్ కోసం కాంట్రాస్ట్ బాగా పెంచేసి ముక్కు పక్క నీడని నల్లగా మార్చేసి ఉంటారు. ఇంకొకరికి చూపించేటప్పుడు "ఎవరో చెప్పు" అని మాత్రమే అడగండి, పేరు చెప్పి "తనలా ఉందా?" అంటే మొహమాటానికి ఉందనే అంటారు.

ఇంకా ఫొటో ఎంచుకునే దశలోనే ఉంటే ఒక మాట. సెల్ఫీ ముఖానికి బాగా దగ్గర నుంచి తీస్తాం, దాంతో కెమెరాకి దగ్గరున్న ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. 2018లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం, 1.5 మీటర్ల నుంచి తీసినదాంతో పోలిస్తే 30 సెంటీమీటర్ల నుంచి తీసిన ఫొటోలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని లెక్కగట్టింది. ఫొటోలో అయితే సెల్ఫీయే కదా అని మన కన్ను సర్దుకుంటుంది, పెయింటింగ్ అనేసరికి ఆ ముక్కు నిజంగానే అంత పెద్దదేమో అనిపిస్తుంది. అదే మనిషిని చేయి చాచి గానీ, ఇంకొకరి చేత కాస్త దూరం నుంచి గానీ తీయించి క్రాప్ చేసుకుంటే మేలు. ఇక ఆ సెల్ఫీయే కావాలంటే, ఫిల్టర్లు వేయకముందే `Warp Transform` టూల్‌లో `Shrink area` పెట్టి ముక్కు కొనని చాలా కొంచెం తగ్గించండి, అసలు తేడాలో సగం దిద్దితే చాలు. పూర్తిగా దిద్దబోతే ముక్కు బాగుపడి మనిషి మారిపోతుంది. లెన్స్ డిస్టార్షన్ ఫిల్టర్ దీనికి పనికిరాదు, అది వంగిన గీతలు సరిచేస్తుంది గానీ దూరం వల్ల వచ్చిన తేడాని కాదు.

ఫోన్ కొన్నిసార్లు సెల్ఫీని అద్దంలోలా తిప్పి సేవ్ చేస్తుంది, పుట్టుమచ్చ ఏ వైపు ఉందో, పాపిడి ఏ వైపు తీశారో చూసుకుని అవసరమైతే ముందే తిప్పేయండి. బ్యూటీ మోడ్‌లో తీసిన ఫొటో అయితే వేరేది అడగండి, ఫిల్టర్ చెరపాల్సినవన్నీ ఫోనే ముందు చెరిపేసి ఉంటుంది, చేత్తో వేద్దామన్నా చూసి వేయడానికి అక్కడ ఏమీ ఉండదు.